చేతి నీడ నుంచి ఛాతీ ఫిల్మ్ దాకా: ఎక్స్‌రే ఎట్లా దొరికింది, ఆస్పత్రికి ఎట్లా చేరింది

 

కొద్ది రోజుల కిందట మధ్యాహ్నం సెలవులో ఏడో తరగతి పిల్లవాడు ఒకడు ఆడుకుంటూ పడ్డాడు. మణికట్టు దగ్గర చెయ్యి వాచింది. కబురు పంపితే వాళ్ల అమ్మ చుడుతున్న బీడీలు అట్లాగే చాటలో వదిలి పరుగున వచ్చింది. ఇద్దరినీ తీసుకొని నేనూ దవాఖానాకు వెళ్లాను. డాక్టరు చూసి ఎక్స్‌రే రాశారు. ఆమె నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది: "సార్, ఎక్స్‌రే తీస్తే పోరనికి ఏమన్న అయితదా? మా ఆయనకు గూడ దగ్గు తగ్గుతలేదని ఛాతీది తీయమన్నరు. భయపడి పోనే పోలే."

అప్పుడు ఏమీ కాదమ్మా అని రెండు మాటల్లో చెప్పాను. కానీ ఆ ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు. కొంతం చౌక్ చుట్టుపక్కల మగ్గం మీద, బీడీ మీద బతికే చాలా ఇళ్లలో ఇదే భయం ఉంది. ఎక్స్‌రే రోగం తెస్తుందని కొందరు భయపడతారు. ఎక్స్‌రే బాగుందని రాగానే ఒంట్లో ఏమీ లేదని ఇంకొందరు నిశ్చింతగా ఉంటారు. రెండూ సరికావు. ఎందుకో తెలియాలంటే అది ఎట్లా దొరికిందో మొదటి నుంచి చెప్పాలి. నవంబరు 8న ఎక్స్‌రే దొరికిన రోజు వస్తుంది కాబట్టి, ఆ సందర్భంగా ఈ వ్యాసం రాస్తున్నాను. ఎనిమిదో తరగతి పైబడిన పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

నల్ల అట్ట లోపలి గొట్టం

1895 నవంబరు 8, శుక్రవారం. జర్మనీలో వుర్జ్‌బర్గ్ అనే ఊరి విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు తన ప్రయోగశాలలో ఒంటరిగా పని చేస్తున్నారు. అప్పటికి ఆయన వయసు యాభై ఏళ్లు.

ఆయన ముందు ఒక గాజు గొట్టం ఉంది. అందులోని గాలి దాదాపు అంతా తోడేశారు. లోపల రెండు లోహపు కొనలు ఉన్నాయి. ఇండక్షన్ కాయిల్ అనే తీగచుట్టతో ఆ కొనల మధ్య వేల వోల్టుల విద్యుత్తు పంపితే, ఒక కొన నుంచి కంటికి కనబడని ధార ఒకటి బయలుదేరి ఎదుటి గాజుగోడను కొడుతుంది. దాన్ని కాథోడ్ కిరణాలు అనేవారు. అది ఎలక్ట్రాన్ల ధార అని ఈరోజు మన పిల్లలకు పాఠంలో ఉంది. అప్పటికి ఎలక్ట్రాన్ పేరు కూడా స్థిరపడలేదు.

గొట్టం నుంచి మామూలు వెలుతురు బయటికి రాకూడదని రాంట్‌జెన్ దానికి నల్ల అట్టను గట్టిగా చుట్టారు. గది చీకటి చేసి, అట్టలో ఎక్కడైనా సందు ఉందేమో చూడడానికి కరెంటు పంపారు. సందు లేదు. కానీ కొంచెం దూరంలో పెట్టి ఉన్న ఒక కాగితపు తెర పచ్చగా మినుకుమంది. ఆ తెర మీద బేరియం ప్లాటినోసయనైడ్ అనే రసాయనం పూసి ఉంది. వెలుతురు గానీ కాథోడ్ కిరణాలు గానీ తగిలితే మెరిసే గుణం దానిది. కరెంటు ఆపితే మెరుపు ఆగింది, మళ్లీ పంపితే మళ్లీ వచ్చింది.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. వెలుతురు నల్ల అట్ట దాటి రాదు. కాథోడ్ కిరణాలు గాలిలో కొన్ని సెంటీమీటర్లకు మించి పోలేవు. తెరను రెండు మీటర్ల దూరం జరిపినా మెరుస్తూనే ఉంది. అంటే తెరను మెరిపిస్తున్నది ఈ రెండూ కానిది, మూడోది ఏదో ఉండాలి.

ఆ రాత్రి ఏ నిమిషంలో ఏం జరిగిందో పూర్తిగా ఎవరికీ తెలియదు. తన ప్రయోగశాల కాగితాలను తన మరణం తర్వాత కాల్చేయమని ఆయన రాసిపెట్టారు. ఆ తర్వాతి ఏడు వారాల్లో ఏం చేశారో మాత్రం ఆయన అచ్చువేసిన వ్యాసంలో వివరంగా ఉంది.

దొరికింది అనుకోకుండా, తేలింది పట్టుదలతో

పిల్లలూ, ఎక్స్‌రే అనుకోకుండా దొరికిందని పుస్తకాల్లో ఒక్క వాక్యంలో చదువుతారు. ఆ వాక్యం సగమే నిజం. ఇలాంటి అదృష్టం రాంట్‌జెన్ కంటే ముందే మరొకరి తలుపు తట్టింది. 1890 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆర్థర్ గుడ్‌స్పీడ్ అనే ఆచార్యుడు, తన మిత్రుడైన ఒక ఫొటోగ్రాఫరుతో కలిసి ప్రయోగాలు చేస్తున్నారు. తరువాత ఫొటో పలకలను కడిగితే ఒకదాని మీద రెండు గుండ్రటి నీడలు కనబడ్డాయి. ఎందుకు వచ్చాయో అర్థం కాలేదు. పలకను పక్కన పెట్టేశారు. ఆరేళ్ల తర్వాత రాంట్‌జెన్ వార్త విని, పాత పలకలు వెతికి చూస్తే అది ఎక్స్‌రే ఫొటో! నీడలు అక్కడ పెట్టిన నాణేలవి. ఈ ఘనత తమదని గుడ్‌స్పీడ్ అడగలేదు. చూశాం కానీ గుర్తించలేదని నిజాయితీగా ఒప్పుకున్నారు.

రాంట్‌జెన్ ఆ మినుకును పక్కన పెట్టలేదు. గొట్టానికీ తెరకూ మధ్య ఒక్కొక్క వస్తువు అడ్డం పెట్టి చూస్తూ పోయారు. వెయ్యి పేజీల పుస్తకం పెడితే తెర ఇంకా మెరిసింది. రెండు మూడు సెంటీమీటర్ల మందం చెక్క పెట్టినా మెరిసింది. పదిహేను మిల్లీమీటర్ల అల్యూమినియం పెడితే బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. సీసం మాత్రం ఒకటిన్నర మిల్లీమీటరు పెడితే చాలు, దాదాపు ఆగిపోయింది. అయస్కాంతం దగ్గరికి తెచ్చారు, కిరణాలు వంగలేదు. కాథోడ్ కిరణాలైతే వంగుతాయి కాబట్టి ఇవి అవి కావని రూఢి అయింది. గొట్టంలో ఎక్కడ పుడుతున్నాయో కూడా కనిపెట్టారు: కాథోడ్ కిరణాలు గాజుగోడను కొట్టే చోట. మన బీజగణితంలో తెలియని రాశికి ఎక్స్ అని పెట్టుకుంటాం కదా, ఆయన కూడా తెలియని ఈ కిరణాలకు ఎక్స్ అని పేరు పెట్టారు. తర్వాత జర్మన్లు రాంట్‌జెన్ కిరణాలు అన్నారు కానీ ఆయన మాత్రం ఎక్స్ అనే అనేవారు.

అట్లా వస్తువులు అడ్డం పెడుతున్నప్పుడు తన చెయ్యి తెర ముందుకు వచ్చింది. తెర మీద చేతి నీడ లేతగా పడింది. ఆ లేత నీడ లోపల ఎముకల నీడ ముదురుగా పడింది. బతికి ఉన్న మనిషి ఎముకలను కోయకుండా చూడడం అదే మొదటిసారి.

డిసెంబరు 22న భార్య అన్నా బెర్తాను ప్రయోగశాలకు పిలిచి, ఆమె చేతిని ఫొటో పలక మీద పెట్టించి, సుమారు పావుగంట సేపు కిరణాలు పంపారు. పలక మీద వేళ్ల ఎముకలు, వేలి ఉంగరం పడ్డాయి. డిసెంబరు 28న వ్యాసం ఇచ్చారు. జనవరి 1న అచ్చు ప్రతులను, ఫొటోలను తెలిసిన శాస్త్రవేత్తలకు పోస్టు చేశారు. జనవరి 5న వియన్నా పత్రికలో వార్త పడింది. అక్కడి నుంచి తంతి మీద లోకమంతా పాకింది.

ఇది ఎట్లాంటి నీడ?

మన ఇంట్లోనే చూడవచ్చు. ఒక సోలాపూర్ చాదర్‌ను ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకోండి. పోగు పలుచగా ఉన్న చోట వెలుతురు దాటి వస్తుంది. డిజైను కోసం పోగు దట్టంగా పడిన చోట నల్లగా కనబడుతుంది. మడత పడితే ఇంకా నల్లబడుతుంది. అంటే ఎక్కడ ఎంత సరుకు ఉందో నీడ చెబుతున్నది.

ఎక్స్‌రే కూడా అంతే. కండ, చర్మం, కొవ్వు పలుచటి పోగు వంటివి, కిరణాలు చాలావరకు దాటి పోతాయి. ఎముకలో కాల్షియం ఉంది, అది దట్టమైన పోగు, కిరణాలను ఎక్కువ ఆపుతుంది. ఊపిరితిత్తి నిండా గాలి కాబట్టి దాదాపు అడ్డమే లేదు. కిరణం తగిలిన చోట ఫిల్మ్ నల్లబడుతుంది, తగలని చోట తెల్లగా మిగులుతుంది. అందుకే ఫిల్మ్ మీద ఎముక తెల్లగా, ఊపిరితిత్తి నల్లగా ఉంటాయి.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఎక్స్‌రే అంటే నీడ. మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

ఒక్క నెలలో ఆస్పత్రికి

కొత్త మందు, కొత్త యంత్రం ఆస్పత్రికి రావాలంటే మామూలుగా ఏళ్లు పడుతుంది. దీనికి ఒక నెల కూడా పట్టలేదు. కారణం చాలా సామాన్యమైనది. కావలసిన సామానంతా అప్పటికే అన్ని చోట్లా ఉంది. గాలి తోడిన గొట్టం, తీగచుట్ట, ఫొటో పలక ప్రతి పెద్ద కాలేజీ ప్రయోగశాలలో బీరువాలో ఉండేవి. రాంట్‌జెన్ కూడా దీనిపై పేటెంటు తీసుకోలేదు. వ్యాసం చదివినవాడు ఆ సాయంత్రమే బీరువా తెరిచి మొదలుపెట్టవచ్చు.

మా ఏడో తరగతి పిల్లవాడి వంటి ఒక పిల్లవాని కథ చెబుతాను. అమెరికాలో హానోవర్ అనే చిన్న ఊరు. ఎడ్డీ మెకార్తీ, పద్నాలుగేళ్లవాడు. గడ్డకట్టిన నది మీద స్కేటింగ్ చేస్తూ పడ్డాడు, మణికట్టు దెబ్బతింది. వైద్యం చేస్తున్న డాక్టరు గిల్మన్ ఫ్రాస్ట్. ఆయన తమ్ముడు ఎడ్విన్ ఫ్రాస్ట్ అక్కడి డార్ట్‌మత్ కాలేజీలో ఖగోళశాస్త్రం ఆచార్యుడు. రాంట్‌జెన్ వార్త చదివిన తమ్ముడు కాలేజీలో ఉన్న గొట్టాలన్నీ పరీక్షించి, బాగా పనిచేసే ఒకదాన్ని ఏరి పెట్టుకున్నాడు. 1896 ఫిబ్రవరి 3న పిల్లవాడిని ఆస్పత్రికి కాక కాలేజీ ప్రయోగశాలకు తీసుకొచ్చారు. బల్ల మీద పలక పెట్టి, దాని మీద చెయ్యి పెట్టించి, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టారు. పలక కడిగితే ముంజేతి రెండు ఎముకల్లో ఒకటి, అల్నా అనేది, విరిగినట్టు కనబడింది. వుర్జ్‌బర్గ్ నుంచి పోస్టు బయలుదేరి అప్పటికి ఐదు వారాలు కూడా కాలేదు.

అప్పటిదాకా విరిగిందా బెణికిందా అని తెలియాలంటే డాక్టరు వేళ్లతో నొక్కి చూడాలి, పిల్లవాడు అరవాలి. గుండు దిగితే ఎక్కడుందో ఇనుప చువ్వతో పుండులో వెతకాలి. అదే ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో హాల్-ఎడ్వర్డ్స్ అనే డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీసి ఇస్తే, దాన్ని చూసుకొని సర్జను ఆపరేషను చేశాడు. అదే ఏడాది స్కాట్లండులో గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీలో దీనికోసం ప్రత్యేక విభాగమే పెట్టారు.

మన దేశానికి కూడా ఆలస్యం కాలేదు. 1897-98లో వాయవ్య సరిహద్దు కొండల్లో జరిగిన తీరా యుద్ధానికి బీవర్ అనే సైనిక వైద్యుడు ఎక్స్‌రే సామాను వెంట తెచ్చి, గాయపడినవాళ్ల ఒంట్లో గుళ్లు ఎక్కడున్నాయో చూశాడు. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ప్రెసిడెన్సీ కాలేజీలో సొంతంగా పరికరం తయారు చేసుకున్నారు. మిత్రుడైన డాక్టర్ నీలరతన్ సర్కార్ రోగులకు ఫొటోలు తీసి ఇచ్చేవారు. వెన్ను విరిగిన ఒక రోగికి ఫొటో తీయవలసి ఉందని రవీంద్రనాథ్ ఠాగూర్‌కు రాసిన ఉత్తరంలో ప్రస్తావించారు కూడా. ఆంధ్ర జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1934లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియాలజీ తెరిచారు.

తొందర తెచ్చిన నష్టం

ఇంత వేగంగా రావడం వల్ల మేలుతో పాటు కీడు కూడా జరిగింది. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది.

కిరణాలు నొప్పి పుట్టించవు, వేడి చేయవు, కంటికి కనబడవు. కాబట్టి హాని లేదనుకున్నారు. ఆ రోజుల్లో గొట్టం ఎంత బలంగా పనిచేస్తున్నదో చూడడానికి పనివాడు తన చెయ్యినే తెర ముందు పెట్టి ఎముకలు చూసుకునేవాడు. రోజుకు ఎన్నోసార్లు, ఏళ్ల తరబడి, అదే చెయ్యి. ముందు చర్మం ఎర్రబడింది, తర్వాత పుండ్లు పడ్డాయి, తర్వాత క్యాన్సరు వచ్చింది. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ రెండు చేతులూ పోగొట్టుకొని 1904లో చనిపోయాడు. దాంతో ఎడిసన్ ఎక్స్‌రే పనే మానేశాడు. పైన చెప్పిన బర్మింగ్‌హాం డాక్టరు హాల్-ఎడ్వర్డ్స్‌కు 1908లో ఎడమ చెయ్యి తీసేయవలసి వచ్చింది. ఇట్లా ప్రాణం పోయినవాళ్ల పేర్లతో 1936లో హాంబర్గ్‌లో స్మారకం కట్టినప్పుడు దాని మీద 169 పేర్లు చెక్కారు.

వీళ్లలో ఎక్కువమంది ఒకసారి ఫొటో తీయించుకున్న రోగులు కారు. రోజూ కిరణాల్లో నిలబడిన డాక్టర్లు, పనివాళ్లు. నేర్చుకున్న పాఠం వల్ల ఈరోజు ఎక్స్‌రే తీసే మనిషి గోడ వెనక్కి లేదా సీసం పలక వెనక్కి వెళ్లి బటన్ నొక్కుతాడు. అతను పక్కకు పోతున్నాడంటే మనకు ప్రమాదం అని కాదు. మనకు ఒకసారి, అతనికి రోజుకు వంద సార్లు. అది తేడా.

ఎడ్డీకి ఇరవై నిమిషాలు పట్టిన పని ఇప్పుడు సెకనులో చిన్న భాగంలో అయిపోతుంది. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మన ఒంటికి రోజూ కొంచెం ఇట్లాంటి కిరణాల తాకిడి సహజంగానే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే, కొద్ది రోజుల్లో మామూలుగా తగిలేటంత తగులుతుంది. మణికట్టుకైతే ఇంకా చాలా తక్కువ. సీటీ స్కాన్ వేరు. అది కూడా ఎక్స్‌రేతోనే పని చేస్తుంది కానీ మోతాదు ఛాతీ ఎక్స్‌రే కంటే ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. డాక్టరు అవసరమని చెబితే తీయించాలి, మనమే అడిగి తీయించుకోకూడదు. సోనోగ్రఫీ, ఎమ్మారై యంత్రాల్లో ఎక్స్‌రే ఉండదు. గర్భవతులు, గర్భం ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్లు బల్ల ఎక్కకముందే ఆ మాట చెప్పాలి. సిగ్గుపడవద్దు.

నీడ చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు దగ్గు సంగతి. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర 1915లో ఆరోగ్యవరం అనే క్షయ ఆస్పత్రి మొదలైంది. అక్కడి డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద సర్వే చేశారు. జబ్బుపడి ఆస్పత్రికి వచ్చినవాళ్లకే కాక, ఊళ్లో మామూలుగా తిరుగుతున్నవాళ్లకు కూడా ఛాతీ ఫొటోలు తీశారు. ఒంట్లో క్షయ ఉండి కూడా పొలం పనికి, కూలికి పోతున్నవాళ్లు ఉంటారని ఇట్లాంటి సర్వేల్లోనే బయటపడింది. ఎక్స్‌రే చేసిన గొప్ప మేలు ఇది.

కానీ నీడ నీడే. ఊపిరితిత్తి ఫిల్మ్ మీద తెల్లటి మచ్చ కనబడితే అది క్షయ కావచ్చు, న్యుమోనియా కావచ్చు, ఎప్పుడో మానిపోయిన పాత జబ్బు గుర్తు కావచ్చు. ఒకే ఫిల్మ్‌ను ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చదవడం కూడా ఉంది. అందుకే 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమంలో కఫం పరీక్షకు పెద్ద పీట వేశారు. కఫంలో క్రిమి కనబడితే అది నీడ కాదు, సాక్ష్యం. డాక్టరు ఎక్స్‌రే తీసిన తర్వాత కఫం డబ్బా కూడా ఇస్తే, ఒకే పనికి రెండుసార్లు తిప్పుతున్నారని అనుకోవద్దు.

దీనికి తిరగబడిన సంగతి ఒకటి మన కార్ఖానాల్లో ఉంది. ఏళ్ల తరబడి నూలు దుమ్ము పీల్చినవాళ్లకు బిసినోసిస్ అనే ఊపిరి జబ్బు వస్తుంది. వారపు సెలవు అయిపోయి మొదటి రోజు పనికి పోగానే ఛాతీ పట్టేసినట్టు ఉండడం, ఆయాసం రావడం దాని మొదటి గుర్తు. ఈ జబ్బులో ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఎందుకంటే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి తప్ప, నీడ పడేటంత దట్టమైనది లోపల ఏమీ చేరదు. కాబట్టి ఎక్స్‌రే బాగుందన్నా ఆయాసం ఉంటే, ఏం పని చేస్తారో, ఏ రోజు ఎక్కువ అవుతుందో డాక్టరుకు నోరు విప్పి చెప్పాలి. ఊపిరి ఊది చూసే పరీక్ష వేరే ఉంది.

పిల్లల ఎముకల్లో కూడా ఇట్లాంటి మోసం ఉంది. పెరిగే వయసులో ఎముక చివర మెత్తటి భాగం ఉంటుంది, అక్కడి నుంచే ఎముక పెరుగుతుంది. ఫిల్మ్ మీద అది నల్లటి గీతలా, విరిగినట్టు కనబడుతుంది. అందుకే ఒక్కోసారి పోల్చి చూడడానికి రెండో చెయ్యి కూడా తీస్తారు. సన్నటి వెంట్రుకవాసి చీలిక అయితే మొదటి రోజు కనబడక, పది పదిహేను రోజులకు కనబడవచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ రమ్మనేది అందుకే. పాత ఫిల్మ్‌లు, రిపోర్టులు పారేయకుండా దాచుకోండి. కొత్త మచ్చా పాత మచ్చా అని తేల్చడానికి డాక్టరుకు అంతకంటే మంచి ఆధారం లేదు.

ఆ పిల్లవాడి ఎముక కొంచెం చిట్లింది. పట్టీ వేశారు, ఇప్పుడు ఎడమ చేత్తో లెక్కలు చేస్తున్నాడు. తర్వాతి సోమవారం వాళ్ల నాన్న కార్ఖానాకు సగం రోజు సెలవు పెట్టి ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నారు. ఏం వచ్చిందో ఆయన సొంత సంగతి, ఇక్కడ రాయను. వెళ్లారు, అది చాలు. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, మీరూ వాళ్లను పంపించండి. ప్రభుత్వ దవాఖానాలో క్షయ పరీక్ష, మందులు ఉచితం.

విద్యార్థులకు ఒక పని: నవంబరు 8న వచ్చేటప్పుడు ఇంట్లో నుంచి ఒక చాదర్ ముక్క, ఒక టవల్ ముక్క తీసుకురండి. చీకటి చేసిన గదిలో దీపానికి ఎదురుగా పట్టి, నీడను మాత్రమే చూసి ఎక్కడ ఎన్ని పొరలున్నాయో చెప్పాలి. ఎవరు ఎక్కడ తప్పు చెప్పారో కూడా రాసుకుందాం.

మీ
ప్రధానోపాధ్యాయుడు